లెక్క పెట్టి తీసుకొనుట, లెక్క పెట్టి అప్పగించుట



పల్లెటూళ్ళలోని మన సంఘములలో పెండ్లి జరిగినా, క్రిస్మసు కూడిక జరిగినా, మూడు దినముల సువార్త సభలు జరిగినా, ఒకరు ప్రభువునందు నిద్రించిన తరువాత జ్ఞాపకార్థ కూడిక జరిగినా, ముందుగా కబురు వెళ్ళేది టెంట్ హౌస్‌కే. షామియానా, కుర్చీలు, జంపఖానాలు, డేగిసాలు, పళ్ళెములు, లైట్లు అన్నీ ఒక ట్రాలీ ఆటోలో వచ్చి దిగుతాయి. ఒకటి రెండు దినములు మన వాకిట ఉండి, ఆ మరునాడు వేరొకరి వాకిటికి వెళ్ళిపోతాయి. సామాను వచ్చేటప్పుడు ఎవరికీ మాటలు పెరగవు. తిరిగి వెళ్ళేటప్పుడే పెరుగుతాయి. "రెండు వందలు ఇచ్చాము" అని వారంటారు, "మీరిచ్చినవన్నీ ఇక్కడే ఉన్నాయి" అని మనమంటాము. ఇద్దరూ అబద్ధమాడడం లేదు. ఇద్దరి లెక్కా ఒకే చోట, ఒకే తీరున జరగలేదు, అంతే.

మా చిన్నతనములో ఈ సామాను తక్కువ. ఇనుప మడత కుర్చీలు పాతికో ముప్ఫయ్యో, అవి పెద్దలకు. మిగిలిన వారందరికీ చాపలు, జంపఖానాలు. వెలుతురుకు రెండు పెట్రోమాక్స్ లైట్లు. ఇప్పుడు చిన్న కూడికకైనా నూటయాభై ప్లాస్టిక్ కుర్చీలు, రెండు వందల పళ్ళెములు తప్పవు. సామాను ఇంత పెరిగిన తరువాత చూపుతో లెక్క తేలదు.

మా సంఘమున్న గ్రామమునకు మండల కేంద్రములోని టెంట్ హౌస్ నుండి సామాను వస్తుంది. అక్కడ గోడౌనులో లెక్క ఎలా జరుగుతుందో మేము పలుమార్లు దగ్గర నిలిచి చూశాము. కుర్చీలను ఒకదానిలో ఒకటి దిగేసి పదేసి దొంతరలుగా పెడతారు. పళ్ళెములు యాభై చొప్పున గోనెసంచులలో ఉంటాయి. గ్లాసులు పదేసి దొంతరలుగా ప్లాస్టిక్ ట్రేలలో ఉంటాయి. బండికెత్తే కుర్రవాడు కుర్చీలను విడిగా లెక్క పెట్టడు, దొంతరలను లెక్క పెడతాడు. పదిహేను దొంతరలైతే నూటయాభై అని చీటీలో వ్రాస్తాడు. నాలుగు సంచులైతే రెండు వందల పళ్ళెములని వ్రాస్తాడు. అతనిలో మోసము లేదు. పెండ్లిండ్ల కాలములో ఒకే ఉదయమున నాలుగు బండ్లు ఎత్తాలి. అయితే క్రిందటి కూడిక నుండి తిరిగి వచ్చిన సంచిలో నలభైఎనిమిది పళ్ళెములే ఉంటే, చీటీలో అది యాభైగానే మన దగ్గరకు వస్తుంది. ఆ రెండు పళ్ళెముల బాకీ ఎవరిదో తెలియకుండానే మన పేరు మీదికి దిగుతుంది.

అందుచేత మా సంఘములో ఒక పద్ధతి పెట్టుకొన్నాము. బండి దిగిన చోటనే, డ్రైవరు ఉండగానే, వెలుతురు ఉండగానే సామాను లెక్క పెడతాము. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులైన మా సంఘ పెద్ద ఒకరు నోటుబుక్కు పట్టుకొంటారు. ఒకరు పైకి లెక్క పెడతారు, ఆయన వ్రాస్తారు. లెక్క పెట్టేవారే వ్రాయకూడదని ఆయన నియమము. చీటీలోని అంకెకును మా అంకెకును తేడా వస్తే, వారి చీటీలో దాని ప్రక్కనే మా అంకె వేసి డ్రైవరు చేత సంతకము చేయిస్తాము. చీకటి పడిన తరువాత బండి వస్తే, ట్యూబులైటు ఒకటి ముందు కట్టించి, దాని క్రింద లెక్క పెట్టిన తరువాతనే సామాను లోపలికి తీసుకొనివెళ్తాము.

కుర్చీలను లెక్క పెట్టడములో ఒక సులువున్నది. ఒకే మోడలు కుర్చీలైతే, దొంతరలో ఒక్కొక్క కుర్చీ చేరినప్పుడు ఎత్తు ఒకే కొలతన పెరుగుతుంది. పది కుర్చీల దొంతరలను చదునైన నేల మీద ప్రక్కప్రక్కన పెడితే పైభాగములు సమముగా ఉండాలి. ఒకటి క్రుంగినట్లు కనబడితే ఆ దొంతరలో కుర్చీ తక్కువ. కాని చేతులున్నవి, చేతులు లేనివి కలిసిన దొంతరలో ఈ గురుతు పనికిరాదు, విడదీసి లెక్క పెట్టవలసినదే. ఆ సమయములోనే ప్రతి కుర్చీని వెనుకకు ఒకసారి నొక్కి చూడాలి. ఏళ్ళ తరబడి ఎండలో నిలిచిన ప్లాస్టిక్ రంగు వెలిసి, కాలి మొదట సన్నని గీతవలె చిట్లుతుంది. బరువైన మనిషి కూర్చొంటే అక్కడే విరుగుతుంది. అటువంటివి ప్రక్కన పెట్టి బండిలోనే తిప్పి పంపాలి. మన దగ్గర విరిగితే మన ఖర్చే.

ఎజ్రా గ్రంథము 8వ అధ్యాయము చదివిన వారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. మందిరపు వెండి బంగారములను, పాత్రలను యాజకులకు అప్పగించినప్పుడు అహవా నది దగ్గర తూచి ఇచ్చారు. యెరూషలేము చేరిన నాలుగవ దినమున మరల తూచి తీసుకొన్నారు, ఆ తూనిక అప్పుడే వ్రాసిపెట్టారు. అదే గ్రంథము 1వ అధ్యాయములో కత్తులు 29 అని ఉన్నది. ముప్పది అని సరిచేసి చెప్పలేదు. బయలుదేరిన చోట ఎలా లెక్కించారో చేరిన చోట అలాగే లెక్కించుట, ఉన్న అంకెనే వ్రాయుట, ఈ రెండే మనకు కావలసినవి.

2023 ఫిబ్రవరిలో మా సంఘములో జరిగిన ఒక జ్ఞాపకార్థ కూడికను ఇక్కడ వివరముగా వ్రాస్తున్నాము. భర్తను పోగొట్టుకొన్న ఒక సహోదరి ఇంటి వాకిట ఆ కూడిక జరిగినది. ఆమె కుమారుడు టెంట్ హౌస్ వారికి మూడు వేల రూపాయలు అడ్వాన్సు కట్టాడు. నష్టము ఏమైనా ఉంటే అందులో నుండి మినహాయించుకొంటారు. రెండు షామియానాలు, 150 కుర్చీలు, 4 జంపఖానాలు, 4 సంచుల పళ్ళెములు, 200 గ్లాసులు, వంట పాత్రలు, 6 ట్యూబులైట్లు, ఒక ఫోకస్ లైటు వచ్చాయి. దించేటప్పుడు మేము లెక్క పెట్టగా కుర్చీలు సరిగానే 150 ఉన్నాయి. ఒక సంచిలో మాత్రము పళ్ళెములు 48 ఉన్నాయి. చీటీలో 200 ప్రక్కన 198 అని వేసి డ్రైవరు సంతకము చేశాడు.

కూడిక బాగుగా జరిగినది. భోజనములయ్యాయి. మరునాడు ఉదయము టెంట్ హౌస్ యజమాని తానే బండితో వచ్చాడు. వెంటనే ఇంకొక ఊరికి కుర్చీలు వేయవలసియున్నందున ఆయన తొందరలో ఉన్నాడు. కుర్చీలు 147 తేలాయి. పళ్ళెములు 196 తేలాయి. ఒక ట్యూబులైటు వెలగలేదు. అప్పుడాయన ఒక మాట అన్నాడు. మా సంఘపు యవ్వనస్థుడొకడు ముందు ఆయన దగ్గర పనిచేసి మానివేశాడు. క్రిందటి రాత్రి వడ్డనలోను, కుర్చీలు ఎత్తడములోను అతడే ముందున్నాడు. "ఆ పిల్లవాడు ఉన్న చోటనే నా సామాను పోతుంది" అని యజమాని పది మంది ఎదుట అన్నాడు. ఆ పిల్లవాడి తల్లి అక్కడే గిన్నెలు తోముతున్నది. ఆమె చేయి ఆగిపోయినది. మూడు కుర్చీల ధర కట్టివేయుట పెద్ద సంగతి కాదు. కాని అప్పుడు కట్టివేసియుంటే, ఆ మాటను అందరమూ ఒప్పుకొన్నట్లయ్యేది.

మా సంఘ పెద్దగారు యజమానితో, "బాబూ, ఒక గంట ఇవ్వు. కుర్చీల బండిని పంపించు, నువ్వుండు" అన్నారు. యజమాని 147 కుర్చీలను పంపించి, తాను నిలిచాడు.

మొదట జంపఖానాలు విప్పించారు. అప్పటికే అవి మడత పెట్టియున్నాయి. ఇది చాలా చోట్ల జరిగే సంగతి. కూర్చున్న వారు లేవగానే జంపఖానాను నాలుగు మూలలు పట్టి మడిచేస్తారు, దాని మీదనున్న గ్లాసులు, గరిటెలు లోపలే ఉండిపోతాయి. విప్పి దులిపినప్పుడు మూడు గ్లాసులు, ఒక గరిటె దొర్లాయి. అప్పటివరకు గ్లాసులు కూడ తక్కువని వ్రాసుకొన్న యజమాని ఆ అంకె కొట్టివేశాడు. అందుకే తిరుగు లెక్కలో జంపఖానాలే మొదట రావాలి. వాటిలో ఒకటి నీళ్ళు పడి తడిసియున్నది. తడిదానిని మడిచి పంపితే గోడౌనులో రెండు మూడు దినములకే బూజు పట్టి నల్లమచ్చలు పడతాయి, ఆ మచ్చలు మరి పోవు. దానిని గోడ మీద ఎండవేయించి, "సాయంత్రము మేమే పంపుతాము" అని చీటీలో వ్రాయించారు.

తరువాత పళ్ళెములు. 198కి 196 అంటే తక్కువ రెండే అని అందరూ అనుకొన్నారు. పెద్దగారు అంతటితో ఊరుకోక, ప్రతి పళ్ళెమును తిరగవేయించారు. టెంట్ హౌస్ పళ్ళెముల అడుగున వారి గురుతుగా రెండు అక్షరములు చెక్కియుంటాయి. 196లో ఐదింటికి ఆ గురుతు లేదు. అవి ఊరివారి పళ్ళెములు. అనగా టెంట్ హౌస్ పళ్ళెములు తిరిగి వచ్చినవి 191 మాత్రమే, తక్కువైనవి ఏడు. అంకె మాత్రమే చూసియుంటే రెండు పళ్ళెములకు డబ్బిచ్చేవారము, అయిదు ఇండ్లవారి పళ్ళెములు బండెక్కి వెళ్ళిపోయేవి, టెంట్ హౌస్ వారివి ఐదు ఊరిలో ఉండిపోయేవి.

ఆ ఐదు పళ్ళెములే దారి చూపాయి. మన ఇండ్లలో స్టీలు సామాను కొన్నప్పుడు పేర్లు చెక్కించుకొనే అలవాటు ఉన్నది గదా! నాలుగింటి మీద పేర్లు ఉన్నాయి. ఆ నాలుగు ఇండ్లకు పిల్లలను పంపితే, నాలుగింటిలోను టెంట్ హౌస్ పళ్ళెము ఒక్కొక్కటి దొరికినది. సంగతి ఏమనగా, కూడికకు రాలేని ముసలివారికి, రోగులకు ఇంటివారు అన్నము పెట్టించుకొనివెళ్ళారు. ఇంటి నుండి తెచ్చిన పళ్ళెము వడ్డన బల్ల మీద వదిలి, అక్కడ వడ్డించియున్న పళ్ళెము ఎత్తుకొనివెళ్ళారు. చీకటిలో రెండును ఒకటివలెనే ఉన్నాయి. పేరు లేని ఐదవ పళ్ళెము తనదని ప్రక్కింటి ఆమె అంచు సొట్టను బట్టి గుర్తుపట్టి, తన ఇంటిలోనున్న దానిని తెచ్చి ఇచ్చినది. ఆరవది కడుగుడు తొట్టి అడుగున బూడిద నీళ్ళలో ఉన్నది. ఏడవది దొరకలేదు. ఎంత వెదకినా ఇంతవరకును దొరకలేదు. దానికి ఎనభై రూపాయలు మినహాయించారు.

ఇక కుర్చీలు. ఇవి ఎక్కడికి పోతాయో పెద్దగారికి తెలుసు. వాకిలి నిండినప్పుడు, వయసు మళ్ళిన బంధువులను ప్రక్కింటి అరుగు మీద కూర్చుండబెడతారు. కుర్చీ మనిషి వెంట వెళ్తుంది, మనిషి వెళ్ళిపోయిన తరువాత అక్కడే ఉంటుంది. ప్రక్కింటి పంచలో రెండు కుర్చీలు దొరికాయి. వాటి మీద ఆ ఇంటివారు బట్టలు ఆరవేసియున్నందున ఎవరికీ కనబడలేదు. మూడవ కుర్చీ వేపచెట్టు వెనుక, కాలు విరిగి పడియున్నది. దాని ప్రక్కనే లైటు తీగ ముక్క ఉన్నది. చెట్టుకొమ్మకు ఫోకస్ లైటు కట్టుటకు టెంట్ హౌస్ కుర్రవాడే దాని మీద ఎక్కాడని, కాలు విరిగితే చెట్టు వెనుకకు నెట్టాడని పిల్లలు చెప్పారు. ఆ కుర్రవాడు ముందు కాదన్నాడు, తరువాత తల వంచుకొన్నాడు.

యజమాని ఆ విరుపును చేతిలోనికి తీసుకొని చూశాడు. విరిగిన అంచులో సగము తెల్లగా, శుభ్రముగా ఉన్నది. మిగిలిన సగములో మట్టి, నలుపు పేరుకొనియున్నాయి. పాత చిట్లు అయితే అందులో దుమ్ము చేరుతుంది, క్రొత్తగా విరిగినది శుభ్రముగా ఉంటుంది. ఆ కుర్చీ మా దగ్గరకు వచ్చుటకు ముందే సగము చిట్లియున్నది. దింపేటప్పుడు నొక్కి చూచినా కాలి లోపలి వైపున్న ఆ గీత బయటపడలేదు. ఈ పరీక్షకు కూడ హద్దు ఉన్నదని అప్పుడు తెలిసినది. యజమాని ఆ కుర్చీని తన లెక్కలో వేసుకొన్నాడు.

వెలగని ట్యూబులైటు మిగిలినది. పాత గాజు ట్యూబులలో మాడినదానికి రెండు చివరలు నల్లబడేవి, చూడగానే తెలిసేది. ఇప్పటి ఎల్.ఇ.డి. లైట్లకు చాలావరకు పైకి ఏ గురుతూ కనబడదు. అందుకే వచ్చిన రోజుననే ఆరింటిని వెలిగించి చూసి వ్రాసుకొన్నాము. ఇప్పుడు వెలగనిదానిని తీసి, వెలుగుచున్న లైటు ఉన్న చోట పెట్టించారు. అది వెలిగినది. లైటు మంచిదే, తీగ అతుకు ఊడినది. లైటును మార్చి చూడకుండ డబ్బు కట్టియుంటే, మంచి లైటుకు ధర కట్టేవారము, పాడైన తీగ ఇంకొక కూడికకు వెళ్ళేది. ఊడిన అతుకు ప్రమాదము కూడ. పిల్లలు తిరిగే చోట నేల మీద తీగ తడిస్తే ప్రాణము మీదికి వస్తుంది. అందుకే ఆ తీగను వేరుగా చుట్టి, గుడ్డ కట్టి, "పాడు" అని చెప్పి యజమాని చేతికిచ్చారు.

అంతా ముగిసేసరికి గంటన్నర పట్టినది. మూడు వేలలో ఎనభై పోగా మిగిలినది ఆ సహోదరి కుమారుని చేతికి వచ్చినది. అప్పుడు సంఘ పెద్దగారు యజమానిని చూసి, "పది మంది ఎదుట అన్న మాట పది మంది ఎదుటనే తీసివేయాలి గదా, నాయనా" అన్నారు. యజమాని కొంచెముసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత గిన్నెల దగ్గరకు వెళ్ళి, ఆ తల్లితో "అమ్మా, నీ కొడుకును అన్నది తప్పు. నా సామాను దొరికింది" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. చేతిలోని డేగిసాను కడిగి, బోర్లించి, మూత దాని ప్రక్కన పెట్టినది. ఆ డేగిసా కూడ లెక్కలోనిదే.

ఆ దినము నుండి మేము కొన్ని సంగతులు మార్చుకొన్నాము. ఇంటికి అన్నము పంపవలసిన వారి పేర్లు వడ్డనకు ముందే వ్రాసుకొని, వారి వారి ఇంటి గిన్నెలలోనే పెట్టిస్తున్నాము. టెంట్ హౌస్ పళ్ళెము వాకిలి దాటకూడదని చెప్పాము. ప్రక్కిండ్లకు కుర్చీలు వెళ్తే, ఎన్ని ఏ ఇంటికి వెళ్ళాయో నోటుబుక్కు చివరి పుటలో వ్రాస్తున్నాము. తిరుగు లెక్కకు వరుస ఇలా పెట్టుకొన్నాము. ముందు జంపఖానాలు దులుపుట, తరువాత మిగిలిన కూరలు పప్పు వేరే గిన్నెలలోనికి వంచి లోపల మునిగియున్న గరిటెలను తీయుట, తరువాత పళ్ళెములను గ్లాసులను తోమి, గురుతు చూసి, పదేసి పేర్చుట, తరువాత కుర్చీలు, చివరకు లైట్లు. లైట్లు ముందు విప్పితే మిగిలిన లెక్క చీకటిలో పడుతుంది. రాత్రి ఆలస్యమైతే ఆ రాత్రి లెక్క పెట్టము. సామాను ఒకచోట చేర్చి, ఇద్దరిని కాపలా పడుకోబెట్టి, తెల్లవారిన తరువాతనే లెక్క పెడతాము.

నోటుబుక్కులో ఒక్కొక్క వస్తువుకు నాలుగు గళ్ళు ఉన్నాయి. చీటీలో ఉన్నది, దింపినప్పుడు ఉన్నది, ఎక్కించినప్పుడు ఉన్నది, తేడాకు కారణము. మూడు గళ్ళలోను అంకెలు ఉంటాయి. నాలుగవ గడిలో మాత్రము మాటలు వ్రాయాలి. "పోయినది" అని వ్రాయుటకు పెద్దగారు ఒప్పుకొనరు. "దొరకలేదు" అని వ్రాయిస్తారు. పోయినది అంటే ఎవరో తీసుకొన్నారనే అర్థము దానిలో ముందే చేరియుంటుందని ఆయన అంటారు.

ఇప్పుడు మా సంఘములో ఏ కూడిక జరిగినా బండి దగ్గర నిలిచి పైకి లెక్క పెట్టేది ఆ యవ్వనస్థుడే. టెంట్ హౌస్‌లో పనిచేసినవాడు గనుక, ఏ సంచిలో ఎన్ని ఉండాలో, ఏ కుర్చీ ఏ మోడలో అతనికి తెలుసు. పెద్దగారు నోటుబుక్కు పట్టుకొంటారు. క్రిందటి క్రిస్మసుకు గ్లాసులు రెండు ఎక్కువ వచ్చాయి. ఎక్కువ వచ్చినవి కూడ గడిలో వ్రాసి, సంఘ గృహములో కిటికీ మీద పెట్టాము. వాటి యజమానులు ఎవరో ఇంకను రాలేదు.